మంగళవారం రాత్రి నూటికి నూరు, గురువారానికి తొంభై

ఒక కొరియర్ సంస్థ ఉందనుకుందాం. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి నగరాల్లో దానికి బ్రాంచీలున్నాయి. రోజూ రాత్రి పదకొండు గంటలకు కంప్యూటర్ తనంతట తానే ఒక రిపోర్టు తయారుచేసి పెద్దలకు పంపుతుంది. ఈరోజు ఇస్తామని మాటిచ్చిన పార్సిళ్లలో ఎన్ని సమయానికి చేరాయన్నది అందులో నగరాలవారీగా ఉంటుంది. ఆగస్టు 12, మంగళవారం రాత్రి విశాఖ పేరు ఎదురుగా 100 శాతం అని వచ్చింది. బుధవారం రాత్రి అదే మంగళవారం లెక్కను మళ్లీ తీస్తే 94.6 అయింది. గురువారం రాత్రి తీస్తే 90.7. మంగళవారం గడిచిపోయింది, ఆరోజు జరిగినదేదీ ఇక మారదు. మరి దాని శాతం రోజురోజుకీ ఎందుకు పడిపోతోంది?

సంస్థ ఊహించుకున్నదే, అంకెలు కూడా ఉదాహరణకోసం వేసుకున్నవే. కానీ ఈ పొరపాటు మాత్రం చాలా మామూలుగా జరిగేది. పార్సిల్ కోసం ఎదురుచూసేవాళ్లకూ, దాన్ని మోసుకొచ్చే కుర్రాళ్లకూ కూడా దీనివల్ల అన్యాయం జరుగుతుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

మంగళవారం రాత్రి 9 గంటలలోపు విశాఖలో అందించాల్సిన పార్సిళ్లు 400. వాటిలో 352 సమయానికి చేరాయి. మిగతా 48లో 20 బుధవారం, 16 గురువారం చేరాయి. గురువారం రాత్రికి కూడా 12 ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయి. రిపోర్టు రాసిన మనిషి ప్రోగ్రాంలో ఒక లైను ఇలా పెట్టాడు:

```sql
WHERE status = 'DELIVERED'
```

అంటే చేరిన పార్సిళ్లను మాత్రమే లెక్కలోకి తీసుకో అని. వినడానికి సబబుగానే ఉంటుంది. ఎంతసేపట్లో చేరిందో తెలియాలంటే ముందు చేరాలి కదా అనిపిస్తుంది. కానీ మంగళవారం రాత్రికి చేరినవి ఆ 352 మాత్రమే, అవన్నీ సమయానికి చేరినవే. 352లో 352, నూటికి నూరు. బుధవారం ఆలస్యంగా చేరిన 20 వచ్చి కలిశాక 372లో 352 అయింది. గురువారం మరో 16 కలిసి 388లో 352 అయింది. పరీక్షలో పాసైనవాళ్ల పేర్లు మాత్రమే రాసుకుని ఉత్తీర్ణత శాతం కట్టినట్టు ఉంది ఈ లెక్క. ఇంకా విచిత్రం ఏమిటంటే, ఎవరికైతే అందరికంటే ఎక్కువ కష్టం కలిగిందో, ఆ గోడౌన్‌లో పడివున్న 12 మంది పార్సిళ్లు ఏ రోజు లెక్కలోకీ రాలేదు. పోయిన పార్సిల్ ఈ రిపోర్టులో ఎప్పటికీ ఆలస్యం అవదు.

సరైన లెక్కకు చేరిన రోజుతో పని లేదు, మాటిచ్చిన రోజును పట్టుకోవాలి. మంగళవారం ఇస్తామన్నవి 400, అందులో ఇచ్చినవి 352, అంటే 88 శాతం. ప్రోగ్రాంలో అది ఇలా ఉంటుంది:

```sql
SELECT dest_city,
       COUNT(*) AS due,
       COUNT(*) FILTER (WHERE delivered_at <= promised_at) AS on_time
FROM shipments
WHERE (promised_at AT TIME ZONE 'Asia/Kolkata')::date = DATE '2025-08-12'
GROUP BY dest_city;
```

ఇంకా చేరని పార్సిల్‌కి చేరిన సమయం ఖాళీగా ఉంటుంది. ఖాళీని దేనితో పోల్చినా సమయానికి వచ్చినట్టు తేలదు కాబట్టి అది `due` లోకి వస్తుంది, `on_time` లోకి రాదు. మనకు కావలసింది అదే. ఈ 88 శాతం బుధవారం చూసినా 88, నెల తరువాత చూసినా 88. సంస్థ పెట్టుకున్న లక్ష్యం 92 శాతం అయితే, మొదటి రిపోర్టు మంగళ, బుధవారాల్లో పచ్చరంగు చూపించి గురువారం ఎరుపు చూపించేది. గురువారం నాటికి మంగళవారం సంగతి ఎవరు పట్టించుకుంటారు? అందరి కళ్లూ గురువారం నాటి కొత్త నూటికి నూరు మీద ఉంటాయి.

మీరు ఏదైనా సంస్థలో ఇలాంటి రిపోర్టు చూస్తుంటే దాన్ని పరీక్షించడం చాలా తేలిక. పదిరోజుల కిందటి తేదీకి అప్పట్లో వచ్చిన అంకె, ఇవాళ తీస్తే వచ్చే అంకె పక్కపక్కన పెట్టండి. బాగా తగ్గివుంటే చేరనివాటిని లెక్కలోంచి వదిలేస్తున్నారన్న మాట. కొద్దిగా పెరిగితే కంగారు అక్కర్లేదు. డెలివరీ కుర్రాడి ఫోన్‌కి సిగ్నల్ లేనిచోట చేసిన స్కాన్లు ఫోన్‌లోనే ఉండిపోయి, సిగ్నల్ దొరికాక వెళ్తాయి. రాత్రి ఎనిమిదిన్నరకు పార్సిల్ ఇచ్చిన సంగతి సర్వర్‌కు పదిన్నరకు తెలియవచ్చు. అందుకే రిపోర్టును రాత్రికి రాత్రే పంపకుండా మర్నాడు ఉదయం పదింటికి పంపడం మంచిది. సర్వర్‌కు కబురు అందిన సమయంతో కాక, ఫోన్‌లో స్కాన్ జరిగిన సమయంతోనే లెక్క కట్టాలి.

ఇక అసలు మాట ఎప్పటికి ఇచ్చినట్టు? ఇది మొదటిదానికంటే జాగ్రత్తగా చూడవలసిన విషయం. ఎక్కడినుంచి ఎక్కడికి ఎన్ని రోజులన్నది ఒక పట్టికలో ఉంటుంది, దానికి ఆధారం పిన్‌కోడ్. 1972 ఆగస్టు 15న తపాలాశాఖ మొదలుపెట్టిన ఈ ఆరంకెల ఏర్పాటునే ఇవాళ ప్రైవేటు కొరియర్లన్నీ వాడుకుంటున్నాయి. మొదటి అంకె 5 అయితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకల్లో ఏదో ఒకటి. 530తో మొదలైతే విశాఖ నగరం, 531 అయితే అనకాపల్లి, అరకు వైపు. మన సంస్థ హైదరాబాద్ నుంచి 530కి ఒక రోజు, 531కి రెండు రోజులు అని పెట్టుకుందనుకోండి. దానికి తోడు కటాఫ్ ఉంటుంది. సాయంత్రం ఆరులోపు బుక్ అయినవి ఆ రోజువి, ఆరు దాటితే మర్నాటివి. సోమవారం అయిదింటికి ఇచ్చిన పార్సిల్ మంగళవారం రాత్రి 9లోపు విశాఖలో అందాలి. సోమవారం ఏడింటికి ఇచ్చింది బుధవారం అందితే చాలు.

కంప్యూటర్లు సాధారణంగా సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటిగా ఉండే సమయంలో దాచుకుంటాయి. మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. మన సాయంత్రం ఆరు గంటలంటే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. ఆ తేడా సరిచేయకుండా కటాఫ్‌ను 18 గంటలతో పోలిస్తే, మన రాత్రి పదకొండున్నర దాకా బుక్ అయినవన్నీ ఆరులోపు వచ్చినవే అనిపిస్తాయి. బుధవారం ఇస్తే చాలిన పార్సిల్ మంగళవారమే ఆలస్యమైనట్టు రిపోర్టులో పడుతుంది. తప్పు చేయని బ్రాంచి మాట పడుతుంది. ఆలస్యమైనవాటిని బుకింగ్ గంటలవారీగా విడదీసి చూస్తే ఇది బయటపడుతుంది. సాయంత్రం ఆరుకీ రాత్రి పదకొండున్నరకీ మధ్య బుక్ అయినవే గుంపుగా కనబడితే, ఆలస్యం రోడ్డు మీద జరగలేదు, ప్రోగ్రాంలోనే జరిగింది.

దీనికి సరిగ్గా ఎదురు దిక్కున మరో పొరపాటు ఉంది. ఇది కొన్నిచోట్ల తెలిసే జరుగుతుంది. ‘మీ పార్సిల్ రావడం ఆలస్యమవుతోంది, కొత్త తేదీ గురువారం’ అని మనకు మెసేజీ వస్తుంటుంది. కబురు చెప్పడం మంచిదే. కానీ సంస్థ కంప్యూటర్లో పాత తేదీ ఉన్న గడిలోనే కొత్త తేదీ రాసేస్తే, మొదట ఇచ్చిన మాట చెరిగిపోతుంది. గురువారం చేరిన పార్సిల్ గురువారం అన్నదానికి సరిపోయింది కాబట్టి సమయానికి చేరినట్టే లెక్కకు వస్తుంది. మొదటి తేదీకి ఒక గడి, మార్చిన తేదీకి వేరే గడి ఉండాలి. శాతం ఎప్పుడూ మొదటి తేదీ మీదే కట్టాలి. డబ్బు కట్టినవాడు విన్న మాట అదే కదా.

ఇంతవరకూ చూసింది 88 అన్న అంకె సరైనదేనా అని. ఆ 48 పార్సిళ్లు ఎక్కడ ఆగాయో చెప్పినప్పుడే రిపోర్టు నిజంగా పనికొస్తుంది. ప్రతి పార్సిల్‌కూ దారిలో కొన్ని స్కాన్లు జరుగుతాయి. తీసుకున్నప్పుడు ఒకటి, హైదరాబాద్ హబ్‌లో దిగినప్పుడు ఒకటి, సంచిలో వేసి లారీకి ఎక్కించినప్పుడు ఒకటి, విశాఖలో దింపినప్పుడు ఒకటి, డెలివరీకి బయల్దేరినప్పుడు ఒకటి, చేతికి ఇచ్చినప్పుడు ఆఖరిది. ఒక్కో స్కాన్‌కీ తరువాతిదానికీ మధ్య ఎంత పట్టాలో అనుకున్నది ఒకవైపు, పట్టింది ఒకవైపు రాసుకుంటే ఆలస్యం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.

మన ఉదాహరణలో 48లో 29కి కథ ఒక్కటే. హైదరాబాద్ నుంచి విశాఖకు విజయవాడ మీదుగా సుమారు 620 కిలోమీటర్లు. లారీ రాత్రి ఎనిమిదింటికి బయల్దేరితే ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో చేరుతుంది. దింపి, ఏరియాలవారీగా విడగొట్టి, పదకొండింటికి కుర్రాళ్లకు అప్పగిస్తారు. సోమవారం రాత్రి ఆ లారీ పది గంటల నలభై నిమిషాలకు కదిలింది. మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు చేరింది. పదకొండింటికే కుర్రాళ్లు వెళ్లిపోయారు. సాయంత్రం రెండో విడత ఉన్నా అది దగ్గరి ఏరియాలకే. గాజువాక, పెందుర్తి వైపు రోజుకు ఒక్కసారే వెళ్తారు. ఆ వైపు పార్సిళ్లే ఈ 29. రోడ్డు మీద లారీ అనుకున్న వేళ కంటే ఒక్క గంట కూడా ఎక్కువ తీసుకోలేదు. పోయిన సమయమంతా హైదరాబాద్‌లో, బయల్దేరకముందే పోయింది.

నగరాలవారీ రిపోర్టు మాత్రం దీన్ని విశాఖ ఖాతాలో వేస్తుంది, చేరవలసిన ఊరు విశాఖ కాబట్టి. “లారీ వస్తేనే కదా సార్ పంచేది” అని బ్రాంచి మేనేజరు మొత్తుకున్నా ఆయన మాట సాకులాగే వినిపిస్తుంది. అంకె ఎప్పుడూ మనిషి మాటకంటే గట్టిగా పలుకుతుంది. అందుకే ఆలస్యాన్ని చేరిన ఊరి కింద కాకుండా, మొదట ఏ మజిలీలో గడువు దాటిందో ఆ మజిలీ కింద రాయాలి. ఇదొక్కటి చేసినా నెలవారీ మీటింగుల్లో సగం వాదనలు తగ్గుతాయని నా నమ్మకం.

మరి లారీ ఎందుకు ఆగింది? ఇంకో అడుగు వెనక్కి వెళ్లి స్కాన్లు చూస్తే కూకట్‌పల్లి వైపు పార్సిళ్లు హబ్‌లో రాత్రి తొమ్మిదీ ఇరవైకి దిగాయి. హబ్ విజయవాడ రోడ్డులో హయత్‌నగర్ దగ్గర ఉందనుకోండి. ఆరింటి కటాఫ్ దాకా ఆగి, బండి నింపుకుని, సాయంత్రం ట్రాఫిక్‌లో నగరం ఈ కొసనుంచి ఆ కొసకు రావాలి. ఎనిమిదింటికి కదలవలసిన లారీ వీటికోసం ఆగింది. దిల్‌సుఖ్‌నగర్‌కీ కూకట్‌పల్లికీ ఒకే కటాఫ్ పెట్టడం వల్ల గాజువాకలో పార్సిల్ ఆలస్యమైంది. ఇంత దూరం లాక్కొచ్చే దారం ఆ ఆరు స్కాన్లలోనే ఉంది. స్కాన్లు సరిగా పడకపోతే అదీ ఉండదు. హబ్‌లో తొందరగా ఉన్నప్పుడు పార్సిళ్లను విడివిడిగా స్కాన్ చేయకుండా సంచి మొత్తాన్నీ ఒకసారి స్కాన్ చేస్తారు. అప్పుడు లోపలున్నవన్నీ ఒకే నిమిషంలో దిగినట్టు రాసుంటుంది. సంచిలో లేని పార్సిల్ కూడా ఉన్నట్టే లెక్కలోకి వస్తుంది. తరువాతి స్కాన్ దగ్గర అది కనబడకుండా పోయినప్పుడు గానీ విషయం బయటపడదు.

48లో మరో 13 పార్సిళ్లకు ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని రాసి ఉంది. చాలా ఒప్పందాల్లో ఇలాంటప్పుడు గడియారం ఆపేస్తారు. తీసుకోవలసిన మనిషి లేకపోతే కొరియర్ తప్పేముంది, న్యాయమే. ఆ 13నీ లెక్కలోంచి తీసేస్తే 387లో 352, అంటే 91 శాతం. లక్ష్యానికి ఒక్క మెట్టు దిగువన. అందుకే ఈ కారణం మీద అందరికీ ఆశ పుడుతుంది.

ఆ 13 స్కాన్లను విప్పి చూద్దాం. తొమ్మిది స్కాన్లు రాత్రి 8 గంటల 40 నిమిషాలకూ 8.55కూ మధ్య, ఒకే చోట నిలబడి, ఒకే ఫోన్‌తో చేసినవి. తొమ్మిది ఇళ్లూ ఒకదానికొకటి కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ఆ ఫోన్ నుంచి కస్టమర్లకు కాల్స్ వెళ్లలేదు. మర్నాడు వాటిలో ఎనిమిది మొదటి ప్రయత్నంలోనే అందాయి. అంటే కస్టమర్లు ఇంట్లోనే ఉన్నారు, తలుపు తట్టినవాళ్లే లేరు. ఇక్కడ ఆగిపోయి ఆ కుర్రాడిని పనిలోంచి తీసేస్తే రిపోర్టును సగమే చదివినట్టు. అతనికి ఆరోజు అప్పగించినవి 78 పార్సిళ్లు. ఆ రూట్లో మామూలుగా ఇచ్చేది 50 దాకా. సోమవారం కూడా లారీ ఆలస్యమై మిగిలిపోయినవి మంగళవారం అతని సంచిలోకి వచ్చి చేరాయి. తొమ్మిది గంటల గడువు దగ్గర పడుతుంటే, ఇవ్వలేకపోయాను అని నిజం రాయడానికి ఫోన్‌లో మీట లేదు. ఉన్న కారణాలు నాలుగే. కస్టమర్ లేరు, అడ్రసు దొరకలేదు, తీసుకోనన్నారు, వేరే రోజు రమ్మన్నారు. నాలుగూ కస్టమర్ మీద తోసేవే. ‘సమయం చాలలేదు’ అన్న అయిదో కారణం పెట్టి, అది నొక్కినందుకు జీతం కోయకుండా ఉంటే, కంప్యూటర్ పట్టుకోలేని ఎన్నో నిజాలు ఆ కుర్రాళ్లే చెబుతారు.

మిగిలిన నాలుగు నిజంగానే కస్టమర్లు లేనివి. వాటిని మినహాయిస్తే 396లో 352, 88.9 శాతం. రిపోర్టులో రెండు అంకెలూ పక్కపక్కన ఉండాలి, మినహాయింపులు లేని 88, రుజువైన మినహాయింపులతో 88.9. రెంటికీ మధ్య ఎడం ఒక్కసారిగా పెరిగితే ఆ వారం ఏదో కారణాన్ని తెగ నొక్కుతున్నారని అర్థం.

48లో ఆఖరి ఆరు తప్పు సంచిలో పడి విజయవాడలో దిగినవి. వాటి సంగతి అక్కడితో సరి.

నాలుగు నగరాలనూ కలిపి ఒకే అంకె అడగడం పెద్దలకు అలవాటు. అదే మంగళవారం హైదరాబాద్‌లో ఇవ్వాల్సినవి 3000, చేరినవి 95 శాతం. విజయవాడలో 500, 94 శాతం. విశాఖ 400, 88. తిరుపతి 100, 81. అన్నీ కలిపితే 4000లో 3753, అంటే 93.8 శాతం, లక్ష్యం దాటినట్టే. నాలుగు శాతాలనూ కూడి నాలుగుతో భాగిస్తే 89.5, లక్ష్యం తప్పినట్టే. మొదటి లెక్క సంస్థ పార్సిళ్ల గురించి నిజమే చెబుతుంది. కానీ తిరుపతిలో కూర్చుని ఎదురుచూసే మనిషికి హైదరాబాద్ 95 ఎందుకూ కొరగాదు. నగరానికి ఒక వరుస చొప్పున విడిగా చూపించడమే మేలు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. రోజుకు వంద పార్సిళ్లున్న చోట శాతం ఏ కారణమూ లేకుండానే నాలుగు పాయింట్లు అటూ ఇటూ ఊగుతుంది. తిరుపతికి ఒక్కరోజు అంకె చూసి మేనేజరుకి ఫోన్ చేయడం తగదు, ఏడు రోజులవి కలిపి చూడాలి. తిరుపతి నుంచి స్కాన్లే రాకపోతే రిపోర్టు సున్నా శాతం అని వేయకూడదు. ఫలానా సమయం తరువాత అక్కడినుంచి సమాచారం అందలేదు అని పైనే రాసి, ఆ వరుసను ఖాళీగా ఉంచాలి.

విశాఖ సంగతికి వస్తే, చేయవలసిన మార్పు తెలిసిపోయింది. కూకట్‌పల్లి వైపు కటాఫ్‌ను నాలుగింటికి తేవాలి, లారీ ఎనిమిదింటికి కదలాలి. అప్పుడు శాతం పెరుగుతుంది. అయితే అందులో కొంత వేగం వల్ల, కొంత మాట సడలించినందువల్ల వస్తుంది. సాయంత్రం అయిదింటికి కూకట్‌పల్లిలో పార్సిల్ ఇచ్చే మనిషికి నిన్నటిదాకా రేపు అన్నారు, ఇవాళ ఎల్లుండి అంటున్నారు. ఎల్లుండి అందితే రిపోర్టులో అది విజయమే, ఆయనకు మాత్రం ఒక రోజు పోయింది. ఈ రెంటినీ విడదీయాలంటే శాతం పక్కన గంటలు కూడా రాయాలి. బుకింగ్ నుంచి చేతికి అందేదాకా సగం పార్సిళ్లు ఎన్ని గంటల్లో చేరాయి, నూటికి తొంభై ఎన్ని గంటల్లో చేరాయి అన్నవి రెండు గడులు. గాజువాక వైపు తొంభైవ పార్సిల్ గంటలు తగ్గితే లారీ నిజంగా బాగుపడినట్టు. శాతం పెరిగి గంటలు కదలకపోతే పట్టికలో తేదీలు మాత్రమే మారినట్టు. కటాఫ్ మార్చిన తరువాత కొన్ని వారాలపాటు పాత మాట ప్రకారం ఎంత వచ్చేదో కూడా ఒక వరుస వేసి ఉంచితే, ఏది ఎంత వల్ల వచ్చిందో విశాఖ మేనేజరూ కూకట్‌పల్లి మేనేజరూ ఒకే కాగితం మీద చూసుకోగలుగుతారు.